డేట్‌కి ముందు వారం, తర్వాత వారం: సింధుకి పెద్దమ్మ ఉత్తరం

సింధూ,

నీ మెసేజ్ చదివాను. డేట్ దగ్గరపడితే నువ్వు పడే బాధంతా డాక్టరమ్మకి చెప్పుకుంటే, రెండు నెలలు ఆ లక్షణాలు రోజూ రాసుకుని రమ్మని పంపేసిందని మనసు కష్టపెట్టుకున్నావు. "నా మాట నమ్మలేదు పెద్దమ్మా" అన్నావు. నమ్మకపోవడం కాదమ్మా. నువ్వు చెప్పిన లక్షణాలకి పీఎండీడీ, అంటే నెలసరికి ముందు మనసుని బాగా కుదిపేసే జబ్బు, అని పేరు పెట్టాలంటే వేరే దారి లేదు. మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం-5 2013లో వచ్చినప్పుడే ఆ నియమం పెట్టింది: కనీసం రెండు నెలసరులు రోజువారీగా రాసిన లెక్క ఉండాలి. అంతవరకూ డాక్టరు అనుమానంగానే రాస్తుంది.

హార్మోన్ల టెస్టు చేయిస్తే తేలిపోదా అన్నావు. తేలదు. పీఎండీడీ ఉన్నవాళ్ళకి రక్తంలో హార్మోన్లు మామూలుగానే ఉంటాయి. అండం విడుదలయ్యాక ఆ హార్మోన్లు పెరిగి తగ్గడం అందరిలోనూ జరిగేదే. ఆ మార్పుని కొందరి మెదడు తట్టుకోలేదు. అందుకని మనకున్న పరీక్ష కాగితం, పెన్నే.

డేట్ ముందు చిరాకు, ఒళ్ళు బరువు, ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. మీ అమ్మకీ ఉండేది. విసుక్కునేది, వంట చేసేది, డ్యూటీకి వెళ్ళేది, మర్నాటికి మర్చిపోయేది. పీఎండీడీ అలా కాదు. మూడ్ ఉన్నట్టుండి మారిపోవడం, పట్టలేని కోపం, బతుకు మీద ఆశ పోవడం, గుండె దడదడలాడే ఆందోళన: ఈ నాలుగిట్లో ఒకటైనా గట్టిగా ఉండాలి. నిద్ర, ఆకలి, ఏకాగ్రత, నీరసం, రొమ్ముల నొప్పి లాంటివి కలుపుకుని మొత్తం ఐదు ఉండాలి. వాటివల్ల ఉద్యోగమో, ఇంట్లో మనుషులతో మాటో దెబ్బతినాలి. వీటన్నిటికంటే ముఖ్యం, నెలసరి మొదలైన కొద్ది రోజుల్లో తగ్గుముఖం పట్టి, ఆ తర్వాతి వారం దాదాపు ఏమీ లేకుండా పోవాలి. నేను ఓపీలో పనిచేసినన్నాళ్ళూ చూసింది ఇదే: అందరూ డేట్ ముందు వారం గురించే చెబుతారు, జబ్బేదో తేల్చేది మాత్రం తర్వాతి వారం.

ఇద్దరి సంగతి చెబుతాను. ఒకామె బ్యాంకు కౌంటర్లో చేసేది, ఇంకొకామె స్కూలు టీచరు. ఇద్దరూ దాదాపు ఒకే మాట అన్నారు, "డేట్ దగ్గరపడితే నేను నేను కాదు సిస్టర్" అని. ఇద్దరికీ డి.ఆర్.ఎస్.పి. అనే ఫారం ఇచ్చాం. అందులో ఒక్కో లక్షణానికీ రోజూ ఒక అంకె వెయ్యాలి. అసలు లేకపోతే 1, ఉందా లేదా అన్నట్టుంటే 2, కొద్దిగా ఉంటే 3, ఓ మోస్తరైతే 4, ఎక్కువైతే 5, భరించలేనంత ఉంటే 6.

బ్యాంకు ఆమె కోపం వరుస చూడు. నెలసరికి ముందు ఏడు రోజులు: 3, 4, 5, 5, 6, 5, 5. మొదటి రోజు 5, రెండో రోజు 3, మూడో రోజు 2. నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా: 2, 1, 1, 1, 1, 2, 1. ముందు వారం సగటు 4.7, తర్వాతి వారం 1.3. దిగులు, ఆందోళన, నిద్ర, ఏకాగ్రత వరుసలు కూడా అలాగే ఎక్కి అలాగే దిగాయి. రెండో నెలా అంతే. ఆ ముందు వారంలోనే కౌంటర్లో కస్టమర్ మీద అరిచి మెమో తెచ్చుకుంది. అది పీఎండీడీ.

టీచరుగారి దిగులు ముందు వారం 5, 5, 6 అలా ఉంది. కానీ తర్వాతి వారంలో 4, 3, 4, 4, 3, 4, 4. పీఎండీడీ అనాలంటే ఆ వారంలో అంకె 3 దాటకూడదు, ఈవిడకి దాటింది. అంటే నెలంతా డిప్రెషన్ ఉంది, డేట్ ముందు ఇంకా పెరుగుతోంది. ఆవిడ చెడ్డ వారాన్నే గుర్తుపెట్టుకుంది, మిగతా రోజులు "బానే ఉన్నాను" అనుకుంది. ఈ తేడా తెలియకపోతే మందు తప్పుతుంది. పీఎండీడీకి కొందరికి డిప్రెషన్ మందునే డేట్‌కి ముందు రెండు వారాలు మాత్రం ఇస్తారు, దానితోనే కుదుటపడతారు. నెలంతా ఉండే డిప్రెషన్‌కి అలా ఇస్తే చాలదు. రెండు నెలలు ఆగమన్నది ఇందుకే.

ఇక నువ్వు రాసే పద్ధతి. రోజూ రాత్రి పడుకోబోయే ముందు, ఒకే వేళకి రాయి. నిన్నటి పేజీ చూడకు, వేరే కాగితమైతే ఇంకా మేలు. చాలామంది చేసేదేంటంటే, నాలుగు రోజులు వదిలేసి ఐదో రోజు అన్నీ కలిపి నింపేస్తారు. అలా నింపిన వరుస చూడగానే తెలిసిపోతుంది, 5, 5, 5, 5 అని గోడ కట్టినట్టుంటుంది. ఒక రోజు మర్చిపోతే ఖాళీగా వదిలెయ్యి. బాగున్న రోజున కూడా రాయాలి, 1 వెయ్యడం బద్ధకమనిపిస్తుంది గానీ ఆ ఒకట్లే మనకి సాక్ష్యం. ఫోన్లో యాప్ వాడితే, "మీ పీరియడ్ ఐదు రోజుల్లో" అని వచ్చే నోటిఫికేషన్ ఆపెయ్యి. అది చూశాక చిన్న చిరాకుకి కూడా చెయ్యి 5 వైపే పోతుంది.

అంకె పక్కన ఒక్క ముక్క రాయి: "బాస్‌తో గొడవ", "జ్వరం", "ఆఫీసు మానేశాను". ఆ చివరిదే డాక్టరు అన్నిటికంటే ముందుగా చూస్తుంది. డేట్‌కి ఇంకా ఎన్ని రోజులో ఆ నంబర్లు ఇప్పుడు వెయ్యకు. నెలసరి వచ్చాక ఆ తేదీ నుంచి వెనక్కి ఏడు లెక్కపెట్టు. నీకు డేట్ ముందూ వెనకా అవుతుంది కాబట్టి ముందే అంచనా వేస్తే లెక్క తప్పుతుంది. వచ్చే నెల మీ చిన్నత్త ఇంట్లో వ్రతముంది, డేట్ వాయిదా వేసే మాత్ర వేసుకోమని ఎవరో ఒకరు అంటారు. ఈ రెండు నెలలు వద్దు. అది హార్మోన్ మాత్రే, ఆ నెల లెక్క పనికిరాకుండా పోతుంది. ఇప్పటికే ఏదైనా వేసుకుంటుంటే తేదీతో సహా రాయి, నీ అంతట నువ్వు మానకు.

ఒక్క విషయంలో మాత్రం రెండు నెలలు ఆగకూడదు. చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన వస్తే, అది డేట్ ముందు వచ్చి పోయేదే అయినా, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళు. అర్ధరాత్రైనా టెలీ మానస్ 14416కి చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నాకూ చెయ్యి.

మళ్ళీ వెళ్ళేటప్పుడు కాగితాలన్నీ ఇచ్చెయ్యి, నువ్వు కథ చెప్పనక్కర్లేదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ రిపోర్టులు కూడా పట్టుకెళ్ళు, నీరసానికీ చిరాకుకీ అవి కూడా కారణం కావచ్చు కనుక. అపాయింట్‌మెంట్ కుదిరితే డేట్ అయ్యాక వారానికి పెట్టుకో. అప్పుడైతే ఆవిడ అడిగేవాటికి నిదానంగా జవాబు చెప్పగలవు.

పెద్దమ్మ