పరిక్రమకి వెళ్తానంటున్న అబ్బాయి, మెడికల్ లీవ్ పెట్టమంటున్న నాన్న

"మేడమ్ నమస్తే. మా అబ్బాయికి 29 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, బ్యాంక్ ప్రాజెక్టులో ప్రొడక్షన్ సపోర్ట్. వచ్చే జూన్‌కి 5 ఏళ్లు నిండుతాయి. ఈ కార్తీకంలో నర్మదా పరిక్రమకి, అంటే నర్మద నది చుట్టూ ప్రదక్షిణకి, నడిచి వెళ్తాడంట, 5 నెలలు జీతం లేని సెలవు అడుగుతాడంట, ఇవ్వకపోతే రిజైన్ అంటున్నాడు. ఆరోగ్యం బాలేదని మెడికల్ లీవ్ పెట్టరా అంటే వినట్లేదు. సంబంధాలు చూస్తున్నాం. సెలవు మంచిదా, రిజైన్ మంచిదా?"

అన్నగారూ, ముందు ఆ మెడికల్ లీవ్ మాట వదిలేయండి. దొంగ సర్టిఫికెట్ పెట్టి నర్మద ఒడ్డున తెల్లబట్టల్లో కర్ర పట్టుకుని దిగిన ఫోటో ఏ బంధువో వాట్సాప్ స్టేటస్‌లో పెడితే చాలు, సెలవు అడిగినందుకు ఎవరూ ఉద్యోగం పీకరు గానీ అబద్ధం చెప్పినందుకు మాత్రం పీకేస్తారు, పైగా రిలీవింగ్ కాగితాల్లో కూడా ఆ మచ్చ ఉండిపోతుంది. పిల్లాడు నిజం చెప్పి అడుగుతానంటుంటే తండ్రి అబద్ధం నేర్పడం ఏంటండీ? మీ అసలు భయం ఉద్యోగం కాదని నాకు తెలుసు, వీడు అటే సన్యాసం పుచ్చుకుంటాడేమో, సంబంధం వాళ్లు ఏమంటారో అని. తిరిగొచ్చే తేదీ రాసి సెలవు అడుగుతున్నవాడు సన్యాసానికి పోడు లెండి. సంబంధం వాళ్లకి కూడా "సెలవులో ఉన్నాడు, ఫలానా తేదీకి జాయిన్ అవుతాడు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అంతే.

ఇక సెలవా రిజైనా అంటే, మీ కేసులో పెద్ద ఆలోచన కూడా అక్కర్లేదు. నవంబర్‌లో రిజైన్ చేస్తే సర్వీసు నాలుగేళ్ల అయిదు నెలల దగ్గర ఆగిపోతుంది, గ్రాట్యుటీకి 5 ఏళ్లు నిండాలి. బేసిక్ 50 వేలు అనుకున్నా జూన్ దాటితే వచ్చేది లక్షా నలభై వేల పైన, అది పోతుంది. శాంక్షన్ అయిన సెలవు సర్వీసుని తెంపదు, అయినా "సర్వీసు కంటిన్యూ అవుతుంది" అన్న ఒక్క లైను శాంక్షన్ లెటర్‌లో రాయించుకోమనండి. పీఎఫ్‌లో ఆ నెలలకి డబ్బు పడదు, ఖాతా అలాగే ఉంటుంది. ఇంకోటి, మీరిద్దరూ వాడి ఆఫీసు ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారేమో చూడండి. రిజైన్ చేస్తే అది ఆగిపోతుంది, మీరు కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే పాత షుగర్‌కి, బీపీకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. జీతం లేని నెలల్లో ప్రీమియం ఎవరు కట్టాలో కంపెనీ కంపెనీకి మారుతుంది, అది హెచ్ఆర్‌ని మెయిల్‌లోనే అడగాలి, నోటిమాట కాదు.

5 నెలలు అనే లెక్క మాత్రం నాకు నచ్చలేదు. నది పొడవు 1,312 కిలోమీటర్లే గానీ రెండు ఒడ్లూ, చుట్టుదార్లూ కలిపి నడక దాదాపు 3 వేల కిలోమీటర్లు అవుతుంది. రోజుకి 22 చొప్పున వేసుకుంటే 136 రోజులు, అది ఒక్కరోజు కూడా కాలు బొబ్బ ఎక్కకుండా, జ్వరం రాకుండా నడిస్తేనే. నదిని కుడిచేతి వైపే ఉంచుకోవాలి, మధ్యలో దాటకూడదు కాబట్టి లేటయిందని అడ్డదారి కొట్టే పనీ లేదు, భరూచ్ దగ్గర సముద్రంలో పడవ ఎక్కాల్సిన చోట కూడా పోటు చూసుకుని ఆగాలి. అందుకే 6 నెలలు అడిగి, ముందే వచ్చేస్తే ముందే జాయిన్ అవుతానని రాయమనండి. తొందరగా వచ్చినవాడిని ఎవరూ ఏమీ అనరు, ఏప్రిల్‌లో "ఇంకో 20 రోజులు" అని మెయిల్ పెట్టేవాడి మీదే మేనేజర్‌కి నమ్మకం పోయేది.

అసలు విషయం, మేనేజర్ ఎందుకు వద్దంటాడు? భక్తి గురించి ఆయనకి పట్టదు. వీడి సీటుకి క్లయింట్ డబ్బు కడుతున్నాడు, సీటు ఖాళీ అయితే ఆ బిల్లింగ్ పోతుంది, రాత్రి రెండింటికి సిస్టమ్‌లో దానంతటదే నడిచే జాబ్ ఏదైనా ఫెయిలైతే ఎవడు లేస్తాడు అన్నదే ఆయన బాధ. కాబట్టి మెయిల్‌లో నర్మదమ్మ మహిమ రెండు పేరాలు రాసి పని గురించి "హ్యాండోవర్ ఇస్తాను" అని ఒక్క ముక్కతో సరిపెడితే తిరగ్గొడతారు, నేను చూసిన మెయిల్స్ ఎక్కువ అలాగే ఉంటాయి. యాత్ర ఒక్క లైను చాలు. మిగతాదంతా తను చేసే పనులు ఒక్కోటి, ఎన్నాళ్లకోసారి వస్తుంది, టీంలో ఇంతకుముందు ఎవరు చేశారు, ఎవరూ చేయకపోతే ఎవరికి నేర్పుతాను, ఏ తేదీకల్లా. నేర్పడం అంటే డాక్యుమెంట్ రాసి పారేయడం కాదు, చివరి మూడు వారాలు అవతలివాడు చేస్తుంటే వీడు వెనక కూర్చుని చూడాలి.

రెండేళ్ల కింద ఇలాంటి సపోర్ట్ పనిలోనే ఉన్న ఒకమ్మాయి మూడున్నర నెలల బ్రేక్ అడగడానికి నా దగ్గరికి వచ్చింది. వెళ్లే నెల ముందు నాలుగు రోజులు మామూలు లీవ్ పెట్టి ఫోన్ ఎత్తొద్దు, ఎవరు ఎందుకు చేశారో మాత్రం రాసుకో అన్నా. 7 కాల్స్ వచ్చాయి, అందులో 5 ఒకే దాని గురించి, నెలాఖరు రిపోర్ట్ జాబ్ ఆ అమ్మాయి సొంత లాగిన్ ఐడీ మీద నడుస్తోంది, ఆ సంగతి ఆ అమ్మాయే మర్చిపోయింది. సెలవులో పాస్‌వర్డ్ గడువు అయిపోతే, లేదా వాడట్లేదని ఐడీని ఆపేస్తే జాబ్ కూడా ఆగిపోతుంది, అప్పుడు ఎంత డాక్యుమెంట్ ఉన్నా లాభం లేదు. దాన్ని ఏ ఒక్క మనిషిదీ కాని సర్వీస్ అకౌంట్ మీదకి మార్పించింది, మెయిల్‌లో ఆ నాలుగు రోజుల లిస్టు కూడా పెట్టింది, అది చూశాకే మేనేజర్ మెత్తబడ్డాడు.

"ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోన్‌లో ఉంటాను" అని మాత్రం రాయొద్దనండి. శూలపాణి అడవి దారిలో సిగ్నల్ ఉండదు, లాప్‌టాప్ ఆఫీసులో ఇచ్చేసి వెళ్లాలి, ఇచ్చిన మాట తప్పడం కన్నా ఇవ్వకపోవడం నయం. కావాలంటే 15 రోజులకోసారి ఆశ్రమంలో ఛార్జింగ్ దొరికినప్పుడు ఒక కాల్, సందేహాలకే, అంతే. తిరిగొచ్చాక అదే ప్రాజెక్టు సీటు ఉంటుందని పట్టుబట్టొద్దు, వేరే మనిషిని పెట్టుకోనివ్వండి, అదే గ్రేడ్‌లో వేరే ప్రాజెక్టు అయినా ఓకే అని తనే రాస్తే మేనేజర్‌కి సగం భారం దిగుతుంది. బదులుగా జాయినింగ్ తేదీ, గ్రేడ్ రెండూ కాగితం మీద అడగాలి. అప్రైజల్ ఈసారి తగ్గుతుంది, దానికి ఏడవకూడదు.

ఇంకోమాట, ఈమధ్య "సబ్బాటికల్" అని నెలల తరబడి సెలవు పెట్టే ఫ్యాషన్ ఒకటి బయల్దేరింది, కొండ మీద ఫోటో, కింద నన్ను నేను వెతుక్కుంటున్నా అని. నాకు దాని మీద నమ్మకం తక్కువ. టీం లీడ్‌తో పడక, పని విసుగొచ్చి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి అదే లీడ్ ముందు అదే కుర్చీలో కూర్చుంటున్నారు, జేబులో డబ్బు మాత్రం ఉండదు. మీవాడు అలాంటివాడో కాదో నాకు తెలీదు, మీరు కూర్చుని అడగండి, గదమాయించకుండా. ఆఫీసు నుంచి పారిపోవడానికే అయితే ప్రాజెక్టు మారితే సరిపోతుంది, 3 వేల కిలోమీటర్లు నడవక్కర్లేదు. పరిక్రమే కావాలి అంటే అడ్డుపడకండి, కార్లో తిరిగొస్తే రెండు మూడు వారాల్లో అయిపోతుందిగా అని బేరాలూ ఆడకండి.

జులైలోనే అడగాలి, డిసెంబర్ రిలీజ్ ప్లాన్ అవ్వకముందే. 6 నెలల ఈఎంఐలు, పైన ఇంకో నెలవి, ఖాతాలో పడేసి వెళ్లాలి. వాళ్లు కుదరదు అంటే రిజైన్ లెటర్ అప్పుడే ఇవ్వొద్దు, జూన్ దాటనిచ్చి వచ్చే కార్తీకానికి మళ్లీ అడగొచ్చు, నోటీసు 90 రోజులు ఉంటే అప్పుడు ఆగస్టు మొదట్లో ఇచ్చినా సరిపోతుంది. ఈలోపు సొంత ఐడీ మీద ఏమేం నడుస్తున్నాయో లిస్టు తీయమనండి, అది సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా పనికొస్తుంది.