అడగకముందే చెప్పడం: విదేశీ ఉద్యోగంలో మొదటి మూడు నెలలు

ప్రశ్న: ఎం.ఎస్. పూర్తి చేసి విదేశంలోనే డేటా అనలిస్టుగా చేరాను. ఆరు వారాలైంది. చేరిన రోజు కంపెనీవారు ఇచ్చిన స్లైడ్లలో ‘ప్రశ్నలు అడగండి, అందరితో కలవండి’ అని ఉంది, అలాగే ఉంటున్నాను. ఇచ్చిన పని చేస్తున్నాను, ఒక్కోసారి రాత్రి వరకూ కూర్చుంటున్నాను. అయినా నిన్న మేనేజర్ ‘నీ పని ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలియడం లేదు’ అన్నారు. ఆయన ఎప్పుడు అడిగినా జవాబు చెబుతూనే ఉన్నాను కదా సార్! మూడు నెలలు నిండగానే ప్రొబేషన్ సమీక్ష ఉంది. నేనేం మార్చుకోవాలి?

జవాబు: మీ మేనేజర్ మాటలో మీ నైపుణ్యం మీద ఫిర్యాదేమీ కనిపించడం లేదు. ఆయనకు ఇబ్బందిగా ఉన్నది తాను అడగవలసి రావడమే. అడిగినప్పుడు చెప్పడం మర్యాద అని కొన్ని కార్యాలయాలు భావిస్తాయి, అడగకముందే చెప్పడం ఉద్యోగి బాధ్యత అని మరికొన్ని భావిస్తాయి. మీరు చేరింది రెండో రకం కార్యాలయంలో అని ఆ ఒక్క మాటను బట్టి చెప్పవచ్చు. అమెరికా మానవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హాల్ 1976లో సమాజాలను ఈ కోణం నుంచే పోల్చి చూశారు. కొన్నిచోట్ల విషయంలో చాలా భాగం సందర్భంలోనే ఇమిడి ఉంటుంది, కాబట్టి ఎదుటివారు గ్రహించుకుంటారు. మరికొన్నిచోట్ల మాటల్లో పెట్టని విషయం లేనట్టే లెక్క. రెండో రకం చోట మీరు రాత్రి పదింటి దాకా కూర్చున్న సంగతి ఎవరి దృష్టికీ రాదు, వచ్చినా శ్రద్ధగా పనిచేస్తున్నారని అనుకోరు, పని చేతిలోంచి జారిపోతోందేమోనని అనుమానిస్తారు.

మీ వృత్తికి దగ్గరగా ఉండే ఒక ఊహాత్మక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. సోమవారం మీకు ఒక నివేదిక అప్పగించారు, గురువారం ఉదయానికి ఇవ్వాలి. అమ్మకాల పట్టికను, వినియోగదారుల పట్టికను కలిపి ప్రాంతాల వారీగా మొత్తాలు తీయాలి. మంగళవారం మధ్యాహ్నానికి, సుమారు 3,000 వరుసల్లో 400 వరుసలకు వినియోగదారుల కోడ్ సరిపోవడం లేదని తేలింది. కొత్త ఉద్యోగులు చాలామంది ఈ దశలో నోరు విప్పరు. కారణం వెతుకుతూ మంగళవారం రాత్రి, బుధవారం రాత్రి గడిపేసి, గురువారం ఉదయం ‘సారీ, ఇంకా కాలేదు’ అంటారు. ఆ రోజే మధ్యాహ్నం రెండు గంటలకు మేనేజర్ ఆ అంకెలను పైవారికి చూపించాల్సి ఉంటుంది. ఆయనకు నష్టం కలిగించేది ఆలస్యం ఒక్కటే కాదు, దాని గురించి ఏమైనా చేయడానికి సమయం మిగలకపోవడం. మంగళవారమే తెలిసి ఉంటే ఆయన సమావేశాన్ని వాయిదా వేయించేవారు, లేదా ఆ డేటాను తయారుచేసిన బృందానికి ఒక్క ఫోన్ చేసేవారు.

అదే మంగళవారం మధ్యాహ్నం మీరు పంపవలసిన సందేశం ఇలా ఉండాలి: ‘నివేదికలో రెండు పట్టికలను కలిపే దగ్గర ఆగాను. సుమారు 400 వరుసలకు కోడ్ సరిపోవడం లేదు. ఖాళీలు, పెద్ద-చిన్న అక్షరాల తేడాలు సరిచేసి చూశాను, ఫలితం లేదు. వీటిని పక్కన పెట్టి, ఆ సంగతి నివేదిక కింద రాసి గురువారానికి ఇవ్వగలను. పూర్తిగా సరిచేయాలంటే శుక్రవారం సాయంత్రం అవుతుంది. మొదటిదే మేలని నా అభిప్రాయం. రేపు ఉదయంలోగా మీ మాట చెబితే దాని ప్రకారం వెళ్తాను.’ ఇందులో క్షమాపణ లేదు, కథ లేదు. ఎక్కడ ఆగారు, ఏం ప్రయత్నించారు, ముందున్న దారులేమిటి, మీకేది మేలనిపిస్తోంది, జవాబు ఎప్పటిలోగా కావాలి అన్నవి మాత్రమే ఉన్నాయి. చివరి రెండు ముఖ్యం. మీ అభిప్రాయం చెప్పకుండా ‘ఏం చేయమంటారు?’ అని వదిలేస్తే సమస్య మొత్తాన్ని ఆయన బల్ల మీద పెట్టినట్టవుతుంది. గడువు చెప్పకపోతే ఆ సందేశం మిగతా వందల సందేశాల్లో కలిసిపోతుంది.

ఎంతసేపు సొంతంగా ప్రయత్నించాక అడగాలన్న సందేహం ఇక్కడ సహజంగా వస్తుంది. సగం పూట గడిచినా పని ముందుకు కదలకపోతే అడగడం మొదటి నెలల్లో సరైన కొలత అని నా అభిప్రాయం. మొదట పక్కనున్న సహోద్యోగిని అడగండి. గడువు మారే పరిస్థితి ఉంటే మాత్రం మేనేజర్‌కు నేరుగా చెప్పాలి. ఒకే ప్రశ్నను రెండోసారి అడగవలసి వస్తే అది మీరు రాసుకోకపోవడం వల్లే కాబట్టి, చెప్పిన జవాబును అప్పటికప్పుడే ఒక ఫైల్‌లో రాసి పెట్టుకోండి. కొత్తవారు ప్రశ్నలు అడిగితే ఎవరూ విసుక్కోరు, అడిగిందే మళ్లీ అడిగితే విసుక్కుంటారు.

రెండో సంగతి ‘ఓకే’ అనే మాట గురించి. పని అప్పగించగానే మీరు ‘ఓకే’ అంటారు. విన్నాను అన్నది మీ ఉద్దేశం కావచ్చు, కానీ మేనేజర్ దాన్ని ‘అర్థమైంది, ఒప్పుకున్నాను, గడువులోగా ఇస్తాను’ అనే మూడు హామీలుగా తీసుకుంటారు. దీనికి విరుగుడు పెద్దదేమీ కాదు. విన్న పనిని మీ మాటల్లో తిరిగి చెప్పండి: ‘అంటే గురువారం ఉదయం పదింటికల్లా, ప్రాంతాల వారీగా, రద్దయిన ఆర్డర్లు తీసేసి మొత్తాలు కావాలి, అంతేనా?’ ‘రద్దయినవి కూడా ఉండాలి, వేరే వరుసలో చూపించు’ అనే జవాబు వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆ ఒక్క వాక్యం రెండు రోజుల పనిని తిరగరాయకుండా కాపాడుతుంది. ఉచ్చారణ అర్థం కాకో, వేగంగా మాట్లాడటం వల్లో సగమే విన్న రోజుల్లో ఇది మరీ అవసరం. సమావేశం ముగిశాక అదే వాక్యాన్ని రాసి పంపితే ఇంకా మంచిది, ఎందుకంటే తర్వాత ఎవరి జ్ఞాపకం సరైనదన్న చర్చ రాదు.

ఇక విమర్శను చదవడం. దీనికి ఒకే సూత్రం చెప్పేవారిని నేను నమ్మను, కార్యాలయాన్ని బట్టి అది అటూ ఇటూ మారిపోతుంది. ఒకచోట ‘దీన్ని ఇంకోలా కూడా చూడవచ్చేమో’ అంటే ‘మార్చి తీసుకురా’ అనే అర్థం, దాన్ని సలహాగా తీసుకుని ఊరుకున్నవారు తర్వాత సమీక్షలో దెబ్బతింటారు. మరోచోట ‘ఇది పనికిరాదు’ అని నలుగురిలో మొహం మీదే చెప్పి, పది నిమిషాల తర్వాత అదే మనిషి నవ్వుతూ కాఫీకి పిలుస్తారు, అక్కడ ఆ మాట ఆ కాగితం గురించే తప్ప మీ గురించి కాదు. మీ కార్యాలయం ఏ రకమో తేలేవరకు ఒక ప్రశ్న వాడుకోండి: ‘దీన్ని మార్చి మళ్లీ పంపమంటారా, లేక తర్వాతిసారికి గుర్తుపెట్టుకుంటే చాలా?’ ఎంత మెత్తగా చెప్పే మనిషైనా దీనికి స్పష్టమైన జవాబు చెప్పక తప్పదు.

అడగకముందే చెప్పాలని నేను మొదట అన్నదానికీ ఇలాంటి హద్దే ఉంది. అందరి ముందు పైవారి మాటకు అడ్డు చెప్పడం తప్పుగా భావించే కార్యాలయాలు విదేశాల్లోనూ ఉన్నాయి. మీది ఎలాంటిదో తెలుసుకోవాలంటే వచ్చే వారం సమావేశాల్లో మూడు విషయాలు గమనించండి. మేనేజర్ చెప్పినదానితో ఎవరైనా అక్కడికక్కడే విభేదిస్తున్నారా, నిర్ణయం సమావేశంలోనే తేలుతోందా లేక ముందే విడివిడిగా మాట్లాడుకుని వస్తున్నారా, చెడ్డ వార్తను అందరిలో చెబుతున్నారా లేక విడిగా చెబుతున్నారా అన్నవి చూస్తే చాలు. విడిగా చెప్పే పద్ధతి ఉన్నచోట పై మంగళవారం సందేశాన్ని బృందం గ్రూపులో పెట్టకుండా ఆయనకే పంపాలి. సందేశం మాత్రం అదే, పంపే సమయమూ అదే.

మిగతా అలవాట్లు చూసి నేర్చుకునేవే. సమావేశానికి ఎంత ముందు చేరుతున్నారు, పని వేళల తర్వాత వచ్చిన సందేశాలకు జవాబిస్తున్నారా, సెలవు ఎంత ముందుగా అడుగుతున్నారు అన్నవి రెండు వారాలు గమనిస్తే తెలిసిపోతాయి. అయితే అనారోగ్యంతో రాలేని రోజు ఎవరికి, ఏ గంటలోగా తెలపాలి, డాక్టర్ సర్టిఫికెట్ ఎన్నో రోజు నుంచి కావాలి అన్నది మాత్రం చూసి నేర్చుకునేది కాదు, కాంట్రాక్టులో చదవాలి. ప్రొబేషన్‌లో నోటీసు గడువు ఎంతో, ఉద్యోగం పోతే వీసా పరిస్థితి ఏమిటో కూడా ఈ వారమే చదివి ఉంచుకోండి. తక్కువ జీతం, చెల్లించని అదనపు గంటలు, పుట్టుక మీద వెటకారం లాంటివి ఎదురైతే ‘సర్దుకుపోవడం’ అనే మాటతో వాటిని మింగవద్దు. తేదీలతో రాసి పెట్టుకుని, హెచ్‌ఆర్‌తో మాట్లాడాల్సిన విషయాలవి.

మరో మాట, కొంచెం పక్కదైనా చెబుతాను. మొదటి నెలల ఉత్సాహం తర్వాత ఒక దిగులు రావచ్చు. ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనంతో అమెరికా వెళ్లిన నార్వే వారిపై సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్ 1955లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు నెలల లోపు ఉన్నవారు, ఏడాదిన్నర దాటినవారు బాగానే కుదురుకున్నట్టు, మధ్యలో ఉన్నవారు ఎక్కువ ఇబ్బంది పడినట్టు తేలింది. తర్వాతి పరిశోధనల్లో అందరిలోనూ ఇదే క్రమం కనిపించలేదు, కాబట్టి దీన్ని జాతకంలా చూడనక్కర్లేదు. ఏడో నెలలో మనసు బాగాలేకపోతే అది మీ అసమర్థతకు రుజువు కాదన్నంత వరకు గుర్తుంటే చాలు.

ఇప్పుడు సమీక్ష సంగతి. దాని రోజు వరకు ఆగవద్దు. ఈ వారమే మేనేజర్‌ను ఇరవై నిమిషాల సమయం అడిగి, మూడు ప్రశ్నలు వేయండి: ప్రొబేషన్ పూర్తయ్యేసరికి నేను ఎవరి సాయమూ లేకుండా చేయగలగాలని మీరు ఆశించే పనులేమిటి, ఇప్పటివరకు నేను వెంటనే మార్చుకోవలసింది ఏమిటి, నా పని ఎక్కడిదాకా వచ్చిందో మీకు ఎంత తరచుగా, ఏ రూపంలో తెలిస్తే వీలుగా ఉంటుంది? మూడో ప్రశ్న నిన్నటి ఆయన మాటకు నేరుగా జవాబు, కాబట్టి అది తప్పనిసరిగా అడగాలి. వచ్చిన జవాబులను ఆ సాయంత్రమే నాలుగు వాక్యాల్లో రాసి ఆయనకు పంపండి. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆయన చెప్పిన రూపంలోనే పూర్తయినవి, నడుస్తున్నవి, ఆగినవి తెలుపుతూ పోండి. ఆగినవాటి వరుసను ఖాళీగా ఉంచాలని ప్రయత్నించవద్దు. నాలుగు వారాలపాటు ఏదీ ఆగలేదని రాసే కొత్త ఉద్యోగి నివేదికను అనుభవం ఉన్న మేనేజర్లు నమ్మరు.