ఎఫ్ఎఫ్‌టీ బిన్ అంటే ఏమిటి? విండో ఎందుకు?

ప్రశ్న: 50 హెర్ట్జ్ సైన్ వేవ్ ఒక్కటే ఇచ్చాను. ఎఫ్ఎఫ్‌టీ గ్రాఫ్‌లో చుట్టుపక్కల కూడా విలువలు ఎందుకు వస్తున్నాయి?

మీ 50 హెర్ట్జ్ ఏ బిన్ మీదా సరిగ్గా పడలేదు, అందుకే దాని శక్తి పక్క బిన్లలోకి కారింది.

బిన్ అంటే ఎఫ్ఎఫ్‌టీ కొలిచే ఒక్కో ఫ్రీక్వెన్సీ గీత. గీతల మధ్య దూరం `fs/N`, అంటే సెకనుకు తీసే శాంపిళ్ల సంఖ్య `fs`ను మొత్తం శాంపిళ్ల సంఖ్య `N`తో భాగిస్తే వచ్చేది. సెకనుకు 1000 శాంపిళ్ల చొప్పున 1024 తీసుకున్నారనుకుందాం. దూరం సుమారు 0.977 హెర్ట్జ్. అప్పుడు 50 హెర్ట్జ్ 51.2వ స్థానంలో పడుతుంది, అలాంటి బిన్ లేదు. ఎఫ్ఎఫ్‌టీ మీరు తీసుకున్న ఈ 1024 శాంపిళ్ల ముక్కే మళ్లీ మళ్లీ వస్తుందన్నట్టు లెక్కేస్తుంది. ముక్కలో 51.2 ఆవృత్తాలు ఉన్నాయి కాబట్టి చివర, మొదలు అతకవు. ఆ అతుకు దగ్గరి కుదుపే లీకేజీగా కనిపిస్తుంది.

విండో అంటే ఎఫ్ఎఫ్‌టీకి ముందు శాంపిళ్లను గుణించే ఒక వంపు. వాటిలో ఒకటైన హాన్ విండో ముక్క రెండు చివరలనూ మెల్లగా సున్నాకు దించి ఆ కుదుపును పోగొడుతుంది. పై లెక్కలో పది బిన్ల అవతల, 61వ బిన్‌లో, విండో లేకుండా శిఖరం ఎత్తులో దాదాపు 2 శాతం ఉంటుంది. హాన్‌తో అది సుమారు 0.02 శాతమే. ఇంకో బలహీనమైన స్వరం అక్కడుంటే ఈ తేడా వల్లే బయటపడుతుంది.

విండో వేస్తే లీకేజీ పూర్తిగా పోతుందనీ, శిఖరం సన్నబడుతుందనీ చాలామంది అనుకుంటారు. నిజానికి శిఖరం వెడల్పవుతుంది. సరిగ్గా బిన్ మీద పడ్డ స్వరం కూడా హాన్‌తో మూడు బిన్లలో కనిపిస్తుంది, పక్కవి రెండూ సగం ఎత్తులో. అందుకే ఒక బిన్ దూరంలో ఉన్న రెండు స్వరాలను విడదీయాలంటే విండో సాయపడదు, ఎక్కువసేపు రికార్డు చేయాల్సిందే. చివర సున్నాలు చేర్చినా గ్రాఫ్ నునుపవుతుంది, అంతే.