ఎస్కలేషన్ మెయిల్‌లో సీసీ ఎవరికి?

వేరే టీమ్ దగ్గర పని ఆగిపోయింది. పైవాళ్లకి మెయిల్ పెట్టాలంటే సీసీలో ఎవరుండాలి, ఎలా రాయాలి?

టూలో ఆ పనిని కదిలించగల ఒక్కరినే పెట్టండి, సీసీలో ఇప్పటిదాకా పని చూస్తున్న వ్యక్తినీ మీ మేనేజర్‌నీ పెట్టండి, ఎవరినీ తప్పుపట్టకుండా ఏం ఆగిందో, ఎప్పటికి ఏం కావాలో రాయండి.

టూలో ముగ్గురుంటే, మిగతావాళ్లు చూస్తారులే అని ముగ్గురూ ఊరుకుంటారు. సీసీ తెలియజేయడానికే, పని అప్పగించడానికి కాదు. పని చూస్తున్న వ్యక్తిని వదిలేస్తే అది చాడీ అవుతుంది. పైగా వాళ్ల మేనేజర్ ఆ మెయిల్‌ని ఎలాగూ ఆయనకే ఫార్వర్డ్ చేస్తారు. పంపేముందు ఆయనకి ఒక ఫోన్ చేసి చెప్పడం మర్యాద.

ఉదాహరణకి డేటాబేస్ యాక్సెస్ రాలేదనుకోండి. సబ్జెక్టులో "డేటాబేస్ యాక్సెస్: 16వ తేదీలోగా మీ అనుమతి కావాలి" అని పెట్టండి. లోపల ఇలా రాయండి: "9న టికెట్ వేశాం. 12న, 14న గుర్తుచేశాం. ఇంకా యాక్సెస్ రాలేదు. 16 సాయంత్రానికి రాకపోతే 18న మొదలవ్వాల్సిన టెస్టింగ్ వాయిదా పడుతుంది. దయచేసి అనుమతి ఇవ్వండి, లేదా ఏ తేదీకి వీలవుతుందో చెప్పండి." "ఎన్నిసార్లు అడిగినా పట్టించుకోవట్లేదు" అని రాస్తే జవాబు యాక్సెస్ గురించి రాదు, ఆ మాట గురించే వస్తుంది.

డైరెక్టర్‌ని సీసీలో పెడితే పని త్వరగా అవుతుందని చాలామంది అనుకుంటారు. కానీ ఆయన మళ్లీ ఆ టీమ్ మేనేజర్‌నే అడుగుతారు, ఆ మేనేజర్ ముందు సంజాయిషీ రాసుకునే పనిలో పడతారు. మీరిచ్చిన గడువు దాటినా జవాబు రాకపోతేనే, మీ మేనేజర్‌కి చెప్పి, అదే మెయిల్ చైన్‌లో ఒక మెట్టు పైవారిని టూలో చేర్చండి.