టెక్ సందేహాలు: ఒకే స్కూలు వెబ్‌సైట్‌కి మూడు రేట్లు ఎందుకు?

ప్రశ్న: మాది విజయనగరంలో విద్యా ట్రస్టు. తెలుగు మీడియంతో మొదలైన హైస్కూలు, ఇంటర్ కాలేజీ, సీబీఎస్‌ఈ స్కూలు నడుపుతున్నాం. పాత వెబ్‌సైట్ తీసేసి కొత్తది చేయిద్దామని "ఆధునికంగా, ఆకర్షణీయంగా ఉండాలి" అంటూ మూడు ఏజెన్సీలకు ఉత్తరం రాశాం. 22 వేలు, 95 వేలు, 3 లక్షల 40 వేలు అని కొటేషన్లు వచ్చాయి. మూడూ జత చేశాను. ఎవరిని నమ్మాలి? ఆర్‌ఎఫ్‌పీ పంపాలని ఒకరు చెప్పారు. అందులో ఏం రాయాలి? – ట్రస్టు కార్యదర్శి, విజయనగరం

జవాబు: కార్యదర్శి గారూ, మీరు పంపిన మూడు కొటేషన్లూ చదివాను. ముగ్గురిలో ఎవరూ మిమ్మల్ని మోసం చేయాలని చూసినట్టు లేదు. ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు రేటు వేశారు, అంతే. ఎంతమంది వస్తారో, ఏం వండాలో చెప్పకుండా పెళ్లి భోజనాలకు రేటు అడిగితే వంటవాళ్లు మాత్రం ఏం చేస్తారు?

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. 22 వేల కొటేషన్‌లో పది పేజీలే ఉన్నాయి. అంతకు మించితే పేజీకి 300 అని, రెండో ఏడాది నుంచి "రెన్యువల్ 14,000" అని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మీ పాత సైటులో దాదాపు 140 పేజీలున్నాయని మీరే రాశారు. అంటే పైన వచ్చే 130 పేజీలకు 39,000, రెండేళ్ల రెన్యువల్ 28,000. మొదటి 22 వేలతో కలిపితే మూడేళ్లకు 89,000. ఆయనకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి పన్ను పడదు. 95 వేల కొటేషన్‌కి హోస్టింగ్, అంటే సైటును సర్వర్‌లో ఉంచే అద్దె, ఏడాదికి 9,000 వేరు, అంటే మూడేళ్లకు 1,22,000. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 1,43,960. స్కూలు ఫీజుల మీద జీఎస్టీ ఉండదు కాబట్టి, కట్టిన ఈ పన్నును మీరు ఎక్కడా సర్దుబాటు చేసుకోలేరు. అది పూర్తిగా మీ ఖర్చే. పైకి నాలుగు రెట్లు కనిపించిన తేడా ఇప్పుడు ఒకటిన్నర రెట్ల దగ్గరికి వచ్చింది. ఇక మూడో కొటేషన్‌లో తల్లిదండ్రుల యాప్, హాజరు, ఆన్‌లైన్ ఫీజులు అన్నీ ఉన్నాయి. అవేవీ మీరు అడగలేదు. అడగలేదన్న సంగతి ఆయనకూ తెలియదు.

ఆర్‌ఎఫ్‌పీ అంటే ఏజెన్సీలందరూ ఒకే పనికి రేటు వేసేలా, పని ఏమిటో రాసిచ్చే పత్రం. మీ సైజు ట్రస్టుకు ఐదారు పేజీలు చాలు. నెట్‌లో దొరికే నలభై పేజీల ప్రభుత్వ టెండరు నమూనాను కాపీ కొట్టకండి. అందులో అడిగే టర్నోవరు, బ్యాంకు గ్యారంటీ నిబంధనలు చూసి మంచి చిన్న ఏజెన్సీలు పక్కకు తప్పుకుంటాయి.

అన్నిటికన్నా ఎక్కువ చోటు ఇవ్వాల్సింది మీ దగ్గర ఇప్పుడు ఏముందో చెప్పే భాగానికి. చాలామంది దీన్ని రెండు వాక్యాల్లో తేల్చేస్తారు, తర్వాత గొడవలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. ఓ ఎక్సెల్ షీటు తీసుకుని పాత సైటులోని ప్రతి పేజీకి ఒక వరస రాయండి. లింకు, విషయం, ఉంచాలా తీసేయాలా, తెలుగా ఇంగ్లీషా, ఇంత చాలు. సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉంటే చిరునామా చివర `/wp-sitemap.xml` అని కొడితే సాధారణంగా పేజీల జాబితా దానంతటదే వస్తుంది. లేకపోతే గూగుల్‌లో `site:example.org.in` అని, ఆ పేరు స్థానంలో మీ డొమైన్ పెట్టి వెతకండి. లెక్క కచ్చితంగా ఉండదు గానీ మర్చిపోయిన పేజీలు బయటపడతాయి. ఆఫీసులో ఒకరు కూర్చుంటే రెండు రోజుల పని. 140లో సగం పాత సర్క్యులర్లే అని తేలితే రేటు అక్కడే తగ్గిపోతుంది.

తెలుగు పేజీల దగ్గర ఒక పరీక్ష చేయండి. పాత నోటీసులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగుగానే కనిపిస్తే అది యూనికోడ్, బెంగ లేదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే అది అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో టైపు చేసింది. మన ప్రెస్సుల్లో ఏళ్ల తరబడి సావనీర్లు, స్కూలు మ్యాగజైన్లు తయారైంది అలాగే. ఆ ఫైళ్లలో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో మాత్రం తెలుగులా కనిపిస్తాయి. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఏజెన్సీ చివరి వారంలో చేసే పని ఒకటే, పేజీని ఫొటోగా మార్చి అతికించేయడం. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, గూగుల్‌లో వెతికితే అందులోని మాట దొరకడం కష్టం. చూపులేని వాళ్లు వాడే స్క్రీన్ రీడరూ దాన్ని చదవలేదు. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ వత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులు దొర్లుతాయి, మనిషి దిద్దాల్సిందే. అందుకే ఆర్‌ఎఫ్‌పీలో ఇలా రాయండి: "సుమారు 35 పేజీల తెలుగు వచనం యూనికోడ్‌లో లేదు. మార్చే బాధ్యత ఏజెన్సీది. ప్రూఫ్ దిద్దే బాధ్యత ట్రస్టుది, పది పని దినాల్లో తిరిగి ఇస్తాం. వచనాన్ని ఫొటోగా పెడితే అంగీకరించం." 35 అన్నచోట మీ లెక్క వేసుకోండి. ఆ పది రోజులు మాత్రం మీ తెలుగు మాస్టారిని ముందే అడిగి రాయండి, పరీక్ష పేపర్లు దిద్దే సీజన్‌లో ఆయన ఒప్పుకోరు.

సీబీఎస్‌ఈ స్కూలు ఉంది కాబట్టి మరో మాట. అఫిలియేషన్ ఉన్న స్కూళ్లు "మ్యాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్" పేజీని సైటులో ఉంచాలి. గుర్తింపు పత్రాలు, భవన భద్రత, ఫైర్ సర్టిఫికెట్లు, ఫీజుల వివరాలు, మూడేళ్ల ఫలితాలు, సిబ్బంది వివరాలు అందులో ఉంటాయి. కొత్త సైటు వచ్చాక ఆ పేజీ లింకు మారిపోతే, పాత లింకు ఎవరి దగ్గరుందో వాళ్లందరికీ "పేజీ లేదు" అని వస్తుంది. పాత చిరునామా కొడితే కొత్త దానికి తీసుకెళ్లేలా ఏజెన్సీ సర్వర్‌లో ఒక్క లైను రాస్తే సరిపోతుంది. అపాచీ సర్వర్ అయితే ఇలా ఉంటుంది:

```
Redirect 301 /mpd.html /disclosure/
```

ఉంచాలి అని మీ ఎక్సెల్‌లో గుర్తుపెట్టిన ప్రతి లింకుకూ ఇలా చేయాలని రాయండి. సైటు అప్పగించే రోజు అదే ఎక్సెల్ పట్టుకుని ఒక్కొక్కటి నొక్కి చూసుకోవచ్చు.

ఇక ఎక్కువ ట్రస్టులు దెబ్బతినే చోటు డొమైన్. అది మీ పేరు మీద ఉందా? దాన్ని కొన్న కంపెనీలో, అంటే రిజిస్ట్రార్ దగ్గర ఉన్న అకౌంటు లాగిన్ ఎవరి దగ్గరుంది, రెన్యువల్ మెయిల్ ఎవరికి వస్తోంది? ఆ మెయిల్ పాత డెవలపరు సొంత జీమెయిల్‌కి వెళ్తుంటే, ఆర్‌ఎఫ్‌పీ పంపకముందే దాన్ని ట్రస్టు మెయిల్‌కి మార్పించుకోండి. ఏజెన్సీ మారుతోందని తెలిశాక పాతవాళ్లు ఫోన్ ఎత్తడం తగ్గుతుంది. అలాగే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో మీ డొమైన్‌తో ఇది కొట్టి చూడండి:

```
nslookup -type=mx example.org.in
```

జవాబులో "mail exchanger" అన్న లైను వస్తే ఆ డొమైన్ మీద మెయిల్ కూడా నడుస్తోందన్నమాట. కొత్త ఏజెన్సీ సైటు కోసం సెట్టింగులు మార్చేటప్పుడు ఆ లైను పోతే, సైటు తళతళలాడుతుంటుంది, ప్రిన్సిపాల్ గారికి మెయిళ్లు రావు. బయట నుంచి పంపినవాళ్లు చెబితే తప్ప ఎవరికీ తెలియదు కూడా. "ప్రస్తుత మెయిల్ సర్వీసు ఆగకూడదు" అన్న వాక్యం తప్పక ఉండాలి. డొమైన్, హోస్టింగ్, కోడు, ఫొటోలు అన్నీ ట్రస్టువేనని, అడ్మిన్ లాగిన్లు చేతికొచ్చిన 30 రోజుల తర్వాతే చివరి 20 శాతం డబ్బు ఇస్తామని రాయండి. ఈ షరతు చదివి వెనక్కి తగ్గే ఏజెన్సీ తగ్గనీయండి.

రేట్ల పట్టిక మీరే గీసి ఇవ్వండి, వాళ్లను నింపమనండి. సైటు తయారీ, పాత పేజీల తరలింపు, తెలుగు మార్పిడి, సిబ్బందికి శిక్షణ, మొదటి, రెండో, మూడో ఏడాది హోస్టింగ్, నెలకు ఇన్ని గంటల మెయింటెనెన్స్, జీఎస్టీ, ఒక్కోదానికి ఒక్కో వరస. యాప్, ఆన్‌లైన్ ఫీజులు కావాలో వద్దో ఇంకా తేల్చుకోకపోతే "ఐచ్ఛికం" అని వేరే పట్టికలో పెట్టండి. అప్పుడు మూడో ఏజెన్సీ ఆయన అసలు సైటుకు ఎంత అడుగుతున్నాడో కనిపిస్తుంది. మీ బడ్జెట్ కూడా ఒక పరిధిగా చెప్పేయండి. చెబితే అంతా లాగేస్తారని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. ఏజెన్సీలందరూ ఒకే పట్టిక నింపుతున్నప్పుడు ఆ భయం పెద్దగా అక్కర్లేదు.

"ఆకర్షణీయంగా" అన్న మాట తీసేసి, పరీక్షించగలిగేది రాయండి. ఉదాహరణకు, గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ పరీక్ష పెడితే హోమ్ పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. ఆ టూల్ దీన్ని ఎల్‌సీపీ అంటుంది. మీ గుమాస్తా తన ఫోన్‌లోంచి ఎవరి సాయం లేకుండా ఒక నోటీసు పెట్టగలగాలి, పెట్టి చూపించాకే సైటు తీసుకుంటామనండి. పిల్లల ఫొటోలు, అడ్మిషన్ ఫారాల సంగతి ఒక పేరాలో తేల్చండి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అంగీకారం ముఖ్యం. ఎంక్వైరీ ఫారంలో ఆధార్ నంబరు అడగొద్దని రాసేస్తే సగం తలనొప్పి పోతుంది.

ఉచితంగా డిజైన్ గీసి చూపించమని మాత్రం అడగకండి. బిజీగా ఉన్న మంచివాళ్లు గీయరు, ఖాళీగా ఉన్నవాళ్లు మాత్రమే గీస్తారు. బదులుగా, రెండేళ్ల కిందట చేసిన మూడు స్కూలు సైట్ల లింకులు ఇమ్మనండి. కొత్తగా చేసిన సైటు ఎవరిదైనా బాగుంటుంది. రెండేళ్ల తర్వాత కూడా నోటీసుల పేజీలో ఈ నెల తేదీ ఉందా, ఫారాలు పనిచేస్తున్నాయా చూడండి.

తేదీల విషయంలో మీ ఊరి క్యాలెండరే చూసుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఫలితాలు, అడ్మిషన్లు, అప్పుడు సైటు మార్చడం ప్రమాదం. జులైలో పత్రం పంపి, జవాబులకు మూడు వారాలిచ్చి, ఆగస్టు చివరికి ఎంపిక చేస్తే సరిగ్గా సరిపోతుంది. దసరా సెలవులు, ఆ తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం వచ్చే వారాల్లో మీ వైపు నుంచి ఏ ఫైలూ కదలదని షెడ్యూల్‌లోనే రాసేయండి. సంక్రాంతి సెలవుల ముందు కొత్త సైటు ఎక్కిస్తే, అడ్మిషన్ల నాటికి తప్పులు దిద్దుకోవడానికి రెండు నెలలకు పైగా ఉంటుంది.

ఇప్పటికే కొటేషన్ ఇచ్చిన ముగ్గురికీ ఈ కొత్త పత్రం పంపండి, ఇంకో ఇద్దరిని కలపండి. పాత రేట్లు ఒకరివి ఇంకొకరికి చెప్పొద్దు. సందేహాలు మెయిల్‌లోనే అడగమనండి, ఒకరు అడిగిన దానికి మీరిచ్చే జవాబు పేరు చెప్పకుండా ఐదుగురికీ పంపండి. ఫోన్‌లో ఒకరికి మాత్రమే చెప్పిన మాట రేట్లలో తేడాగా తేలుతుంది, అది ఎందుకొచ్చిందో పట్టిక చూసినా మీకు అర్థం కాదు.