ప్యాకెట్ మీద 160 కేలరీలే అని ఉన్నా లెక్క ఎక్కడ తప్పుతోంది?

"స్వీట్లు మానేశాను, భోజనం కూడా కొలిచే తింటున్నాను. సాయంత్రం టీతో కొంచెం చిరుతిండి తింటాను, ప్యాకెట్ మీద 160 కేలరీలే అని ఉంది. అయినా మూడు నెలలుగా బరువు తగ్గట్లేదు. కేలరీలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?"

దాదాపు ఏడాది పాటు నాదీ ఇదే పరిస్థితి. నా లెక్క రెండు చోట్ల తప్పింది: ఒకటి చిరుతిండి ప్యాకెట్ దగ్గర, రెండోది వంటింట్లో నూనె సీసా దగ్గర.

ముందు ప్యాకెట్ సంగతి. ఆ 160 ఉన్న పట్టికలోనే చిన్న అక్షరాలతో ఒక సర్వింగ్ ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, చూడండి. నేను తినేదానిలో సర్వింగ్ అంటే 30 గ్రాములు. ప్యాకెట్ మాత్రం 200 గ్రాములది. ఒకరోజు రోజూ పోసుకున్నట్టే గిన్నెలో పోసుకుని వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే, గిన్నె బరువు పోను 84 గ్రాములు వచ్చింది. తూచకముందు ఎవరైనా అడిగితే ముప్పయ్యో నలభయ్యో అనేదాన్ని. 84 గ్రాములంటే దాదాపు 450 కేలరీలు. నా పుస్తకంలో రోజూ 160 అనే రాసుకుంటూ వచ్చాను.

అప్పటినుంచి సర్వింగ్ అంకె వదిలేసి, 100 గ్రాములకు ఎంతో అదే చూస్తున్నాను. ఆ ప్యాకెట్‌లో 100 గ్రాములకు 533 కేలరీలు, కొవ్వు 34 గ్రాములు. ఒక గ్రాము కొవ్వుకు 9 కేలరీలు, పిండిపదార్థానికీ ప్రొటీన్‌కీ గ్రాముకు 4 చొప్పున. 34ని 9తో గుణిస్తే 306, అంటే మొత్తంలో సగానికి పైగా కొవ్వు నుంచే వస్తోంది. వేయించేటప్పుడు పిండిలో ఉన్న తేమ ఆవిరైపోతుంది, ఆ ఖాళీల్లోకి నూనె చేరుతుంది. కాబట్టి చేతికి జిడ్డు అంటకపోయినంత మాత్రాన నూనె లేదనుకోకండి. వేయించలేదు, బేక్ చేశాం అని రాసి ఉన్నా ఈ గుణకారం చేసి చూడండి, ఎందుకంటే బేక్ చేసే పిండిలోనూ నూనె కలుపుతారు.

ఇక నూనె. నన్ను అసలు ఆశ్చర్యపరిచింది ఇదే. సీసా మీద 100 గ్రాములకు 900 కేలరీలు అని ఉంటుంది. కొన్నింటి మీద 100 మిల్లీలీటర్లకు 820 అని ఉంటే, ఇది తేలికపాటి నూనె కాబోలు అనుకుంటాం. కాదు, నూనె నీళ్ళకన్నా తేలిక కాబట్టి 100 మిల్లీలీటర్లు సుమారు 91 గ్రాములే తూగుతుంది, తేడా అంతే. "లైట్" అన్న మాట రంగుకో రుచికో సంబంధించింది. "కొలెస్ట్రాల్ లేదు" అన్నదీ అంతే, మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనైనా కొలెస్ట్రాల్ చెప్పుకోదగ్గంత ఉండదు.

కూరకు చెంచాడు నూనె, 40 కేలరీలు అని నేను రాసుకునేదాన్ని. నిజానికి సీసా వంచి పోసేదాన్నే తప్ప చెంచాతో ఎప్పుడూ కొలవలేదు. ఒకసారి కొత్త సీసా మీద తెరిచిన తేదీ రాసిపెట్టాను. మా ఇంట్లో ముగ్గురం, లీటరు నూనె 10 రోజులకు అయిపోయింది. లీటరుకు సుమారు 910 గ్రాములు, 8,200 కేలరీలు. అంటే మనిషికి రోజుకు 270కి పైగా. వేయించాక మిగిలిన నూనె పారబోస్తే మాత్రం దాన్ని ఈ లెక్కలోంచి తీసేయాలి. నేను ఒకసారి మూకుట్లో 500 గ్రాములు పోసి వేయించాను, చల్లారాక తూచితే 410 మిగిలింది. తగ్గిన 90 గ్రాముల్లో దాదాపు అంతా మేం తిన్నదాంట్లోకే వెళ్ళింది, అంటే సుమారు 800 కేలరీలు.

సాస్‌ల విషయంలో అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. టమాటా కెచప్ పెద్ద చెంచాకు 20 కేలరీల లోపే, అదీ ఎక్కువగా చక్కెర నుంచి. మామూలు మయొనైజ్ అదే చెంచాకు 100 దాకా ఉంటుంది, ఎందుకంటే అందులో సింహభాగం నూనే.

రెడీమేడ్ గ్రేవీ కొనేటప్పుడు నేను పదార్థాల జాబితా చదువుతాను. ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు కాబట్టి, నూనె, క్రీమ్, జీడిపప్పు మొదటి నాలుగైదు పేర్లలోనే కనిపిస్తే అది బరువైన గ్రేవీ. 100 గ్రాములకు 150 అని చూసి తక్కువే కదా అనిపిస్తుంది, కానీ 300 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒక్కరే తింటే 450. నీళ్ళు కలిపి చేసుకునే పొడి అయితే ఆ అంకె పొడికా, తయారైన గ్రేవీకా అన్నది కూడా చూసుకోవాలి.

ఈ అంకెలు సగటులే, ఒక ప్యాకెట్‌కీ ఇంకోదానికీ కొంత తేడా వస్తుంది. అయినా 160కీ 450కీ మధ్య తేడా దానివల్ల రాదు. ఈ సాయంత్రం మీ చిరుతిండి గిన్నె తూచి ఎంత వచ్చిందో, ప్యాకెట్ మీద 100 గ్రాములకు కొవ్వు ఎంత ఉందో ఇక్కడ రాయండి. కలిసి లెక్క వేద్దాం.