95,850 మించి పోదనుకుంటే ఎలా?

"సార్, మాది నెల్లూరు జిల్లా అల్లూరు. నాకున్న 20 లక్షల్లో 12 లక్షలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో, 8 లక్షలు గోల్డ్ ఈటీఎఫ్‌లో పెట్టాను. మా అడ్వైజర్ రిపోర్టులో నెలకి 95 శాతం వ్యాల్యూ ఎట్ రిస్క్ రూ. 95,850 అని వేశారు. అంతకు మించి నష్టం రాదనేగా? మూడు నెలల్లో రొయ్యల గుంటలకి పిల్ల వేయాలి, 9 లక్షలు ఇందులోంచే తీయాలి. లెక్క వేసిన పేజీ కూడా పంపుతున్నా."

అలా కాదండీ. వంద నెలల్లో 95 నెలలు నష్టం 95,850 లోపు ఉంటుంది, లేదా అసలు ఉండదు, మిగతా ఐదు నెలల్లో అంతకంటే ఎక్కువే పోతుంది అని ఆ అంకె చెప్తోంది. ఎంత ఎక్కువ అనేది మాత్రం చెప్పదు.

మీరు పంపిన పేజీలో ఇండెక్స్ ఫండ్‌కి నెలకి సగటు రాబడి 1 శాతం, స్టాండర్డ్ డీవియేషన్, అంటే రాబడి సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ ఊగుతుందో ఆ కొలత, 5 శాతం అని, బంగారానికి అర శాతం, 4 శాతం అని తీసుకున్నారు. రెంటికీ కోరిలేషన్ సున్నా, అంటే ఒకటి పడితే రెండోది పడాలని లేదు. వాటాలు 60, 40 కాబట్టి సగటు 0.8 శాతం వస్తుంది. డీవియేషన్‌ని మాత్రం ఇలా కలపకూడదు. 60 శాతం వాటా వల్ల 3, 40 శాతం వాటా వల్ల 1.6, వీటి వర్గాలు 9, 2.56 కలిపితే 11.56, దాని వర్గమూలం 3.4. రాబడులు ఎక్కువగా సగటు దగ్గరే ఉండి, దూరం పోయేకొద్దీ బాగా అరుదవుతాయని చెప్పే గంట ఆకారపు నార్మల్ కర్వ్‌లో కింది 5 శాతానికి గీత 1.645 డీవియేషన్ల దూరంలో ఉంటుంది. దాంతో 3.4ని గుణించి, అందులోంచి 0.8 తీసేస్తే దాదాపు 4.79 శాతం. 20 లక్షల మీద అదే మీ అంకె. ఎక్సెల్‌లో మీరే వేసి చూసుకోవచ్చు:

```
=2000000*(NORM.S.INV(0.95)*0.034-0.008)
```

లెక్కలో తప్పు లేదు. నాకు అనుమానమల్లా లోపల పెట్టిన అంకెల మీదే. కోరిలేషన్ సున్నా బదులు 0.5 పెట్టండి, డీవియేషన్ 4.04కి పోతుంది, నష్టం గీత 1.17 లక్షలకి వెళ్తుంది. మార్కెట్ భయపడ్డప్పుడు చేతికి డబ్బు కావాలని జనం బంగారం కూడా అమ్ముకుంటారు కాబట్టి, సరిగ్గా మనకి అవసరమైన నెలలోనే ఆ సున్నా నిలబడకపోవచ్చు. సగటు రాబడి 0.8 కూడా గడిచిన కాలం లెక్కే, దాన్ని సున్నా చేసి చూస్తే 1.12 లక్షలు. నేనైతే ఇంత తక్కువ కాలానికి సగటుని లెక్కలోకే తీసుకోను.

అసలు ఇబ్బంది నార్మల్ కర్వ్‌తోనే ఉంది. 2020 మార్చిలో నిఫ్టీ ఒక్క నెలలో సుమారు 23 శాతం పడింది. సగటు 1, డీవియేషన్ 5 అనుకుంటే అది సగటు నుంచి 4.8 డీవియేషన్ల కింద. నార్మల్ లెక్క ప్రకారం అలాంటి నెల లక్ష ఏళ్లకి ఒకసారి కూడా రాకూడదు. కానీ 2008 అక్టోబరులో సుమారు 26 శాతం పడింది, పన్నెండేళ్లు తిరక్కుండానే మళ్లీ పడింది. 2020 మార్చి లాంటి నెల ఇప్పుడొస్తే మీ ఇండెక్స్ ఫండ్‌లోనే 2.76 లక్షలు పోతాయి, బంగారం ఎటు వెళ్తుందో వేరే సంగతి. అందుకే అడ్వైజర్ని ఇంకో అంకె అడగండి: గీత దాటిన నెలల్లో సగటున ఎంత పోతుంది అని. నార్మల్ లెక్కలోనే అది దాదాపు 1.24 లక్షలు వస్తుంది, పాత పడిపోయిన నెలలు పెట్టి వేస్తే ఇంకా పెరుగుతుంది.

ఇక మీకు కావాల్సింది నెల లెక్క కాదు, మూడు నెలలది. 95,850ని మూడుతో గుణించకండి. సగటు మూడు రెట్లవుతుంది (2.4), డీవియేషన్ మాత్రం మూడు వర్గమూలం, అంటే 1.732 రెట్లు పెరిగి 5.89 అవుతుంది. అదే పద్ధతిలో వేస్తే 1.46 లక్షలు. నెలకీ నెలకీ సంబంధం లేదని అనుకుంటేనే ఇది కూడా.

పిల్ల వేసే తేదీ, మేత బిల్లు మార్కెట్ కోసం ఆగవు. కాబట్టి ఆ 9 లక్షలకి ఈ లెక్కతో పనే లేదు, ఇప్పుడే తీసి లిక్విడ్ ఫండ్‌లోనో బ్యాంకులోనో పెట్టండి. తీసేటప్పుడు 60, 40 వాటాల్లోనే, అంటే ఫండ్ నుంచి 5.4, బంగారం నుంచి 3.6 లక్షలు తీస్తే మిగిలిన 11 లక్షల మీద నెల గీత దాదాపు 52,700. ఇండెక్స్ ఫండ్‌లో ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి. అవి కొని ఏడాది నిండిందో లేదో స్టేట్‌మెంట్‌లో చూసుకోండి, నిండకపోతే లాభం మీద పన్ను ఎక్కువ పడుతుంది.